హోటల్ అద్దె తప్పినా కమీషన్ తప్పదు: రాయ్‌పుర్‌లో క్లౌడ్ కిచెన్ లెక్క

రాయ్‌పుర్: చేయి తిరిగిన వంటవారు సొంతంగా హోటల్ పెట్టాలంటే అడ్డు వచ్చేది వంట కాదు, చోటు. రోడ్డు మీదికి ముఖం ఉన్న గది, దానికి అడ్వాన్సు, బల్లలు, కుర్చీలు, వడ్డించే మనుషులు... ఇవన్నీ సమకూరాకే మొదటి ప్లేటు అమ్ముడుపోతుంది. ఛత్తీస్‌గఢ్ రాజధానిలో ఆ పెట్టుబడి లేనివారికి కనిపిస్తున్న దారి క్లౌడ్ కిచెన్. ఇందులో కూర్చుని తినే చోటు ఉండదు. లోపలి వీధిలో ఒక వంటగది ఉంటే చాలు, అమ్మకమంతా జొమాటో, స్విగ్గీ వంటి యాప్‌ల ద్వారానే సాగుతుంది.

రాయ్‌పుర్ పురావస్తు ప్రదర్శనశాల ఆవరణలోని గఢ్ కలేవాలో స్వయం సహాయక సంఘాల మహిళలు చీలా, ఫరా వంటి ఛత్తీస్‌గఢీ వంటకాలు అమ్ముతారు. వారికి చోటు దొరికింది, తినేవారు అక్కడికే వస్తారు. అలాంటి చోటు లేనివారు కొనుగోలుదారును యాప్ ద్వారా తెచ్చుకోవాలి. ఆ పనికి చెల్లించే మూల్యమే కమీషన్. అద్దె నెలకొకసారి కట్టేది కనుక అమ్మకం పెరిగేకొద్దీ దాని భారం ప్లేటుకు తగ్గుతుంది. కమీషన్ మాత్రం నూరో పొట్లం మీద కూడా మొదటి పొట్లం మీద ఉన్నంతే ఉంటుంది. ఈ తేడా తెలియకుండా ధర పెట్టినవారే ఎక్కువగా నష్టపోతారు.

ముందుగా కావలసినవి

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు లేనిదే యాప్‌లో పేరు ఎక్కదు. నమోదు తర్వాత వచ్చే 14 అంకెల సంఖ్యను బిల్లు మీద చూపాలి. ఇంటి వాడకానికి ఇచ్చే 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌తో వ్యాపారానికి వండరాదు. 19 కిలోల వాణిజ్య సిలిండర్ తీసుకోవాలి. ఇంట్లో వండినప్పటి ఖర్చును చూసి ధర నిర్ణయించేవారు తరచుగా మరచిపోయేది ఈ గ్యాస్ ధరనే.

భోజనంపై జీఎస్టీ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. 2022 జనవరి 1 నుంచి, యాప్ ద్వారా అమ్మిన భోజనంపై 5 శాతం పన్నును వినియోగదారు నుంచి వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే బాధ్యత ఆ యాప్ సంస్థదే. అయితే ఆ సంస్థ తీసుకునే కమీషన్‌పై 18 శాతం జీఎస్టీ వేరుగా పడుతుంది. అది వంటవారి వాటాలోంచే పోతుంది.

ఒక పొట్లం లెక్క

ఉదాహరణకు, కేటరింగ్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన ఒకరు టాటీబంధ్ ప్రాంతంలో చిన్న వంటగది తీసుకుని, అన్నం-కోడికూర పొట్లాన్ని 200 రూపాయలకు పెట్టారనుకుందాం. సరుకులకు 70, డబ్బాకు 12, మొత్తం 82 రూపాయలు చేతి ఖర్చు. గది అద్దె, సహాయకుడి జీతం, గ్యాస్, కరెంటు కలిపి నెలకు 25,000 రూపాయలు అవుతాయి. కమీషన్ 25 శాతం. ఇవి లెక్క అర్థం కావడానికి తీసుకున్న అంకెలు. అసలు శాతం ఎవరి ఒప్పందాన్ని బట్టి వారికి మారుతుంది.

తగ్గింపు ఏదీ ఇవ్వకపోతే 200లో కమీషన్ 50, దానిపై జీఎస్టీ 9 పోగా 141 రూపాయలు చేతికి వస్తాయి. చేతి ఖర్చు తీసేస్తే 59 మిగులుతుంది. నెల ఖర్చు తీరాలంటే రోజుకు సుమారు 14 పొట్లాలు అమ్మాలి.

ఇప్పుడు అదే పొట్లంపై 20 శాతం తగ్గింపు ప్రకటించి, ఆ భారాన్ని వంటవారే మోశారనుకుందాం. కొనుగోలుదారు ఇచ్చేది 160. కమీషన్ 40, జీఎస్టీ 7 రూపాయల 20 పైసలు పోతాయి. చేతి ఖర్చు కూడా పోగా మిగిలేది 30 రూపాయల 80 పైసలు. రోజుకు సుమారు 27 పొట్లాలు అమ్మాలి. యాప్‌లో పేరు పైన కనిపించడానికి ప్రకటన పెట్టి, ఆర్డర్‌కు సగటున మరో 15 రూపాయలు ఖర్చు చేస్తే మిగిలేది 15 రూపాయల 80 పైసలే. అప్పుడు రోజుకు 53 పొట్లాలు కావాలి. మధ్యాహ్నం రెండు గంటలు, రాత్రి రెండు గంటలు మాత్రమే రద్దీ ఉండే చోట ఇద్దరు మనుషులకు ఇది పెద్ద భారం. పైగా ఈ లెక్కలో వంటవారి సొంత కూలి ఇంకా చేరనే లేదు.

అందువల్ల ధరను సరుకుల ఖర్చు మీద లాభం కలిపి కాక, చివర చేతికి ఎంత రావాలో ముందు నిర్ణయించుకుని వెనక్కి లెక్కించి పెట్టాలి. ఒప్పందంపై సంతకం చేసే ముందు రెండు సంగతులు అడిగి తెలుసుకోవాలి. తగ్గింపు భారం ఎవరిది? కమీషన్‌ను తగ్గింపుకు ముందున్న ధరపై లెక్కిస్తారా, తర్వాతి ధరపైనా? పై ఉదాహరణలో ముందు ధరపై లెక్కిస్తే పొట్లానికి సుమారు 12 రూపాయలు అదనంగా పోతాయి.

ఏ వంట ప్రయాణం చేస్తుంది?

వంటగదిలో బాగున్నదంతా అరగంట తర్వాత బాగుండదు. దోసె, చీలా వంటివి మూసిన డబ్బాలో తమ ఆవిరికే మెత్తబడి సాగుతాయి. ఇడ్లీ, పులిహోర, ఆవిరి మీద ఉడికే ఫరా, గ్రేవీ కూరలు అంతగా చెడవు. అన్నాన్ని, కూరను వేర్వేరు డబ్బాల్లో పెట్టడం వల్ల పడే అదనపు ఖర్చు, ఒక్క చెడ్డ రేటింగ్ వల్ల తగ్గే ఆర్డర్లతో పోలిస్తే స్వల్పం. దూరమూ లెక్కే. గుఢియారీలో వండినది దగ్గరి వీధులకు వేడిగా చేరుతుంది గానీ, ఊరికి దూరంగా ఉన్న నవ రాయ్‌పుర్ కార్యాలయాలకు చేరదు. గది ఎక్కడ అద్దె తక్కువో చూడటానికి ముందు, మధ్యాహ్నం భోజనం తెప్పించుకునేవారు ఎక్కడ ఉన్నారో చూడాలి.

కొనేవారు ఎవరిదగ్గర ఉంటారు?

కొట్టు నడిపేవారికి రోజూ వచ్చే ముఖం గుర్తుంటుంది. క్లౌడ్ కిచెన్‌లో కొనేవారి వివరాలు యాప్ దగ్గరే ఉంటాయి. ఈ విషయంతోపాటు అధిక కమీషన్లు, యాప్‌లో కొందరికి ప్రాధాన్యం ఇవ్వడం వంటి ఆరోపణలతో జాతీయ రెస్టారెంట్ల సంఘం కాంపిటీషన్ కమిషన్‌ను ఆశ్రయించింది. కొన్ని ఆరోపణలపై జొమాటో, స్విగ్గీల మీద దర్యాప్తునకు కమిషన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. పెద్ద హోటళ్లకే ఇబ్బందిగా ఉన్న ఈ ఆధారపడటం, వేరే అమ్మకం లేని చిన్న వంటగదికి మరింత బరువు. యాప్ నిబంధన ఒకటి మారితే ఆ మర్నాడే ఆర్డర్లు మారవచ్చు.

నష్టం మొదలైన సంగతి అమ్మకాల పట్టికలో కనిపించదు. తగ్గింపులు ఇచ్చిన వారంలో ఆర్డర్లు పెరిగి అంతా బాగున్నట్టే ఉంటుంది. ఖాతాలో పడిన సొమ్మును ఆ వారపు ఆర్డర్ల సంఖ్యతో భాగించి చూస్తే నిజం తెలుస్తుంది. పై వంటగదిలో ఆ అంకె 141 దగ్గర ఉంటే బండి నడుస్తున్నట్టు. 98కి దిగితే, ఎక్కువ ఆర్డర్లు వస్తున్నాయంటే ఎక్కువ శ్రమ పెరుగుతోందనే అర్థం. 82ను తాకితే ఆ పొట్లాన్ని జాబితా నుంచి తీసేయడమే మేలు.