పసుపు ఉడికించేదొకరు, కోటా కొట్టేసేదొకరు

మాది ఆర్మూర్. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి అమ్ముతాం. ఒక్కో పనికీ సరుకు విలువ కొంత పెరుగుతుంది. ఏదీ తయారు చేయకుండా, సర్కారు సంతకంతోనే సంపాదించే దారి ఇంకోటి ఉంది. దాన్నే ఆర్థికవేత్తలు ‘రెంట్ సీకింగ్’ అంటారు.

ఈ మాటను 1974లో వాడుకలోకి తెచ్చిన ఆన్ క్రూగర్ చూపించిన ఉదాహరణల్లో మన దేశమూ ఉంది. అప్పట్లో విదేశాల నుంచి ముడిసరుకు తెచ్చుకోవాలంటే లైసెన్సు ఉండాలి. ఫ్యాక్టరీ సామర్థ్యం ఎంత ఎక్కువుంటే కోటా అంత ఎక్కువ. దాంతో ఉన్న యంత్రాలే ఖాళీగా ఉన్నా, కంపెనీలు కోటా కోసం కొత్తవి బిగించాయి, ఆఫీసుల చుట్టూ తిరిగాయి. డబ్బు ఖర్చయింది, సరుకు మాత్రం పెరగలేదు. 1964లో ఇలాంటి అనుమతుల విలువ జాతీయ ఆదాయంలో 7.3 శాతం ఉంటుందని ఆమె అంచనా.

మరి 2019లో పసుపు బోర్డు, మద్దతు ధర కావాలని 170 మందికి పైగా రైతులు నిజామాబాద్ ఎంపీ సీటుకు పోటీ చేశారు కదా, అదీ ఇదేనా? అడగడం ఒక్కటే తప్పు కాదు. అడిగింది దొరికాక ఏం పెరిగిందో చూడాలి. 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైన బోర్డు మంచి విత్తనం, నాణ్యత పరీక్ష, కొత్త కొనుగోలుదారులను తెస్తే పసుపు విలువే పెరుగుతుంది. అలాకాక కొందరికే అనుమతులిచ్చి మిగతావాళ్లకు గేటు మూస్తే, అది పాత కోటా కథే. నష్టం మళ్లీ ఉడకబెట్టినోడికే.