గళ్ల ఫారాల పఠనం: అంకెల స్థానం, ఫీల్డు విలువ

క్షేత్ర సర్వేలలో ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క గడి కేటాయించిన ఫారాలను విరివిగా వాడుతుంటారు. వీటిని స్కాన్ చేసి కంప్యూటరు చేత చదివించినప్పుడు, అంకెను గుర్తించడంతో పని ముగియదు. ఆ అంకె ఏ గడిలో ఉన్నదో కూడా తెలిసినప్పుడే ఫీల్డు విలువ సరిగా ఏర్పడుతుంది.

ఒక ఉదాహరణ పరిశీలిద్దాం. పిన్‌కోడుకు ఆరు గళ్లున్నాయి. ఒక్కొక్క గడి వెడల్పు 5 మి.మీ. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అది సుమారు 59 పిక్సెళ్లు. మొదటి గడి ఎడమ అంచు 400వ పిక్సెల్ వద్ద ఉన్నదనుకుందాం. ఫారంలో 500007 అని రాసి ఉండగా, యంత్రం 5, 0, 0, 0, 7 అనే అయిదు అంకెలనే గుర్తించింది. వాటి మధ్యబిందువులు వరుసగా 430, 489, 548, 666, 725. వచ్చినవాటిని వచ్చినట్లే కలిపితే 50007 అవుతుంది. ఏ సున్నా జారిపోయిందో దీనినిబట్టి తెలియదు. అందుకు బదులుగా ప్రతి అంకెకూ గడి సంఖ్యను లెక్కించాలి:

```
k = (x - 400) // 59
```

ఇక్కడ `k` విలువలు 0, 1, 2, 4, 5. అంటే 3వ సంఖ్య గల గడి, అనగా నాలుగో గడి, చదవబడలేదు. ఫలితాన్ని `500?07`గా నమోదు చేయాలి. కాగితం వంకరగా స్కాన్ అయితే ఈ లెక్క తప్పుతుంది. కనుక మూలల్లోని గుర్తుల ఆధారంగా ముందుగా బొమ్మను సరిచేయాలి. గడి అంచు గీత '1'గా భ్రమ కలిగించకుండా, లోపలి భాగాన్ని మాత్రమే కత్తిరించుకోవాలి.

చదవబడని గడికీ ఖాళీ గడికీ భేదం ఉన్నది. వయస్సుకు రెండు గళ్లున్నచోట మొదటి గడిలో 7 మాత్రమే గుర్తించబడితే, అది ఏడేళ్ల బిడ్డ కావచ్చు. రెండవ అంకె మసకబారిన డెబ్బై ఏళ్ల వృద్ధురాలు కావచ్చు. రెండవ గడిలోని సిరా పిక్సెళ్లను లెక్కించి, సిరా లేకుంటే ఖాళీగానూ, ఉంటే సందిగ్ధంగానూ గుర్తించాలి. సందిగ్ధమైనదాన్ని, అంచు దాటి పక్కగడిలోకి చొచ్చుకొనిపోయిన అంకెనూ మనిషే మూలంతో పోల్చి చూడాలి.

కలిపిన విలువను సంఖ్యగా కాక పాఠ్యంగా భద్రపరచాలి. లేనిచో హైదరాబాదు ఎస్టీడీ కోడు 040 కాస్తా 40గా మారిపోతుంది.

చివరిగా, ఖచ్చితత్వాన్ని అంకెలకు గాక ఫీల్డులకు కొలవాలి. ఒక్కొక్క అంకె 99 శాతం సరిగా చదవబడినా, దోషాలు పరస్పర స్వతంత్రమైనవైతే, ఆరు అంకెలూ సరిగా ఉండే అవకాశం 0.99⁶, అంటే సుమారు 94 శాతమే. నూరు ఫారాలలో ఆరింట పిన్‌కోడు తప్పుతుందన్నమాట.