కట్టలోంచి ఒక్క పేజీ

ఉద్యోగ దరఖాస్తులో ఇంటర్ మార్కుల మెమో అడిగారు. పీడీఎఫ్‌గా పెట్టాలి, సైజు 200 కేబీ మించకూడదు. మీ దగ్గరున్నదేమో పదో తరగతి నుంచి డిగ్రీ దాకా సర్టిఫికెట్లన్నీ నెట్ సెంటర్‌లో ఒకేసారి స్కాన్ చేయించిన 24 పేజీల ఫైలు. దాని సైజు 14.4 ఎంబీ అనుకుందాం. మెమో అందులో 7వ పేజీ. ఆ ఒక్క పేజీని విడదీయడం నిమిషం పని. కానీ విడదీసిన పేజీ కూడా 600 కేబీ దగ్గరే ఆగిపోతుంది, దరఖాస్తు దాన్ని తీసుకోదు. పేజీని విడదీయడం, దాని సైజు తగ్గించడం వేర్వేరు పనులని తెలియకపోతే చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

ముందు విడదీయడం సంగతి. కంప్యూటర్‌లో క్రోమ్ బ్రౌజర్ ఉంటే వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఫైలును అందులో తెరిచి Ctrl, P మీటలు కలిపి నొక్కాలి. ప్రింట్ పెట్టె వస్తుంది. అందులో Destination దగ్గర Save as PDF ఎంచుకుని, Pages దగ్గర Custom పెట్టి 7 అని టైప్ చేసి, Save నొక్కితే ఆ పేజీ కొత్త ఫైలుగా వచ్చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లోనూ దారి ఇదే. ఫైలు తెరిచి ప్రింట్ నొక్కి, ప్రింటర్‌కు బదులు పీడీఎఫ్‌గా సేవ్ చేసే ఎంపిక తీసుకుని, పేజీ నంబరు ఇవ్వాలి. మ్యాక్ కంప్యూటర్‌లో అయితే ప్రివ్యూలో పక్కన కనిపించే పేజీల చిన్న బొమ్మల్లోంచి కావలసిన దాన్ని డెస్క్‌టాప్ మీదికి లాగి వదిలితే చాలు.

నంబరు దగ్గర మాత్రం జాగ్రత్త. ప్రింట్ పెట్టె అడిగేది ఫైలులో ఎన్నో పేజీ అని, కాగితం మీద అచ్చయిన అంకె కాదు. పుస్తకాల పీడీఎఫ్‌లలో అట్ట, ముందుమాట, విషయసూచిక ముందే ఉంటాయి కాబట్టి అచ్చులో 47వ పుట ఫైలులో 55వది కావచ్చు.

ఇక సైజు. పీడీఎఫ్‌లో పేజీ రెండు రకాలుగా ఉంటుంది. కంప్యూటర్‌లో టైప్ చేసి తయారుచేసిన పేజీలో అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. ఏ అక్షరం ఎక్కడ రావాలో చెప్పే సూచనలు, ఆ అక్షరాల ఆకారాలున్న ఫాంటు, అంతే. అందుకే అలాంటి పేజీ మామూలుగా చాలా చిన్నది. స్కాన్ చేసిన పేజీలో అక్షరాలే ఉండవు. పేజీ మొత్తం ఒక ఫొటో. ఏది ఏ రకమో తెలుసుకోవాలంటే పేజీని బాగా పెద్దది చేసి చూడండి. ఎంత పెంచినా అక్షరం అంచులు పదునుగా ఉంటే టైప్ చేసిన పేజీ. మసకబారి చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ఫొటో.

మన మెమో ఫొటో. దాని బరువంతా చుక్కల్లోనే ఉంది. ఏ4 కాగితాన్ని 300 డీపీఐతో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 2480, నిలువుగా 3508, మొత్తం దాదాపు 87 లక్షల చుక్కలవుతాయి. అదే 150 డీపీఐకి తగ్గిస్తే అడ్డంగానూ నిలువుగానూ సగమే కాబట్టి మొత్తం చుక్కలు నాలుగో వంతుకు, సుమారు 22 లక్షలకు దిగుతాయి. ఫైలు కూడా ఇంచుమించు అదే లెక్కన తగ్గుతుంది. 600 కేబీ మెమో 150 కేబీ ప్రాంతానికి వస్తుందన్నమాట.

కాగితం చేతిలో ఉంటే తేలిక మార్గం, ఆ ఒక్క మెమోనే 150 డీపీఐతో మళ్లీ స్కాన్ చేయించడం. రంగు తప్పనిసరి కాకపోతే గ్రేస్కేల్‌లో చేయమంటే ఇంకొంత తగ్గుతుంది. కాగితం దగ్గర లేకపోతే కంప్యూటర్‌లోనే ఈ పనులు చేసే ఉచిత ప్రోగ్రాములున్నాయి. క్యూపీడీఎఫ్ పేజీని విడదీస్తుంది, గోస్ట్‌స్క్రిప్ట్ చుక్కలు తగ్గిస్తుంది. లినక్స్‌లో గానీ మ్యాక్‌లో గానీ ఆ రెండూ వేసుకున్నాక ఇవ్వాల్సిన ఆదేశాలు రెండే:

```
qpdf --empty --pages all.pdf 7 -- memo.pdf
gs -sDEVICE=pdfwrite -dPDFSETTINGS=/ebook -o small.pdf memo.pdf
```

మొదటిది 7వ పేజీని ఉన్నదున్నట్టు కొత్త ఫైలులోకి తెస్తుంది. రెండో దానిలో `/ebook` అన్నది బొమ్మలను 150 డీపీఐ స్థాయికి దించమని చెప్పడం. దాని చోట `/screen` అని రాస్తే 72 డీపీఐకి పడిపోతుంది. సైజు ఇంకా తగ్గుతుంది గానీ మెమోకు అది పనికిరాదు. 3, 8 ఒకేలా కనిపిస్తాయి, తెలుగులో పకార వకారాలు కలిసిపోతాయి, ఒత్తులు మరకలవుతాయి. హాల్ టికెట్ నంబరూ మార్కులూ తడుముకోకుండా చదవగలిగినంత వరకే తగ్గించాలి.

ఒక్కోసారి టైప్ చేసిన పేజీని విడదీసినా ఫైలు భారీగా వస్తుంది. పీడీఎఫ్‌లో ఫాంట్లు, బొమ్మలు పేజీకొకటి చొప్పున విడివిడిగా ఉండనవసరం లేదు. అన్ని పేజీలూ ఒకే ఉమ్మడి జాబితాను వాడుకోవచ్చు. విడదీసే ప్రోగ్రాము ఆ జాబితాను ఏరకుండా మొత్తం పట్టుకొస్తే, ఈ పేజీకి అక్కర్లేని బొమ్మలు కూడా వెంట వస్తాయి. ఒక్క పేజీ ఫైలు అసలు ఫైలంత ఉందంటే అనుమానించాల్సింది దీన్నే. అప్పుడు క్రోమ్ ప్రింట్ దారిలోనో గోస్ట్‌స్క్రిప్ట్‌తోనో మళ్లీ రాయించి చూడాలి. సాధారణంగా అవి పేజీ మీద కనిపించే వాటినే ఉంచుతాయి.

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. కొందరు కావలసిన పేజీని తీసుకోవడానికి బదులు మిగతా 23 పేజీలను డిలీట్ చేసి సేవ్ చేస్తారు. పీడీఎఫ్‌లో మార్పులను పాత సమాచారం చెరపకుండా ఫైలు చివర చేర్చే పద్ధతి ఒకటుంది. అలా సేవ్ అయిన ఫైలు తెరిస్తే ఒక్క పేజీయే కనిపిస్తుంది గానీ, తీసేశామనుకున్న పేజీలు లోపలే ఉంటాయి, తెలిసినవాళ్లు బయటికి తీయగలరు. క్రాప్ చేయడమూ అంతే. బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీలో ఖాతా నంబరున్న భాగాన్ని క్రాప్ చేస్తే చాలా ప్రోగ్రాముల్లో అది కనబడకుండా పోతుందే తప్ప పోదు. కాబట్టి అవసరమైన పేజీని కొత్త ఫైలులోకి తీసుకోవడమే సరైన పద్ధతి. పేజీలు తగ్గినా సైజు తగ్గలేదంటే పాతవి లోపల ఉండిపోయాయేమో చూడాలి. ఉచితంగా పేజీలు విడదీసిపెట్టే వెబ్‌సైట్లకు ఆధార్, బ్యాంకు కాగితాలు ఎక్కించకపోవడం మంచిది. ఒక్క పేజీ కోసం ఫైలు మొత్తాన్ని వేరెవరి కంప్యూటర్‌కో పంపుతున్నాం మరి.

డిజిటల్ సంతకం ఉన్న పత్రాల విషయంలో ఈ పనే చేయకూడదు. ఆ సంతకం మొత్తం ఫైలుకు సంబంధించినది. అందులోంచి పేజీ విడదీస్తే సంతకం బొమ్మ కనిపించవచ్చు గానీ దాన్ని సరిచూడటం కుదరదు. సంతకం సరిచూసే చోట అసలు ఫైలునే ఇవ్వాలి.

కొత్త ఫైలు తయారయ్యాక దాన్ని మూసి మళ్లీ తెరవండి. పేజీ ఒక్కటే ఉందా, అది 7వ పేజీయేనా, సైజు 200 కేబీ లోపుందా, నాలుగు అంచులూ పూర్తిగా వచ్చాయా చూసుకోండి. అన్నీ సరిపోతేనే దరఖాస్తుకు జతచేయండి. 24 పేజీల అసలు ఫైలును మాత్రం తగ్గించకుండా అలాగే దాచుకోండి. ఒకసారి తగ్గించిన చుక్కలు తిరిగి రావు, రేపు మరో దరఖాస్తు అదే మెమోను 500 కేబీ దాకా ఇంకా స్పష్టంగా అడగవచ్చు.