చెక్కు వేశాం, డబ్బు పడినట్టేనా?

గుంటూరు యార్డులో మిర్చి అమ్మిన రైతుకు వ్యాపారి 80,000 రూపాయల చెక్కు ఇచ్చాడనుకుందాం. రైతు మంగళవారం ఉదయం పదకొండింటికి తన బ్యాంకులో వేశాడు. వ్యాపారి ఖాతా కూడా అదే బ్యాంకులో ఉంటే క్లియరింగ్‌తో పనే లేదు. వేరే బ్యాంకైతేనే అసలు కథ.

చెక్కు కాగితం ఎక్కడికీ వెళ్లదు. రైతు బ్యాంకు దాన్ని స్కాన్ చేసి, ఆ బొమ్మనూ కింద అయస్కాంత సిరాతో ఉన్న అంకెలనూ వ్యాపారి బ్యాంకుకు పంపుతుంది. ఈలోగా కొన్ని బ్యాంకుల్లో ఆ మొత్తం ఖాతాలో కనబడుతుంది కూడా. అది 'అన్‌క్లియర్డ్' మొత్తం, తీసుకోవడానికి వీల్లేదు. చూడాల్సింది 'అవైలబుల్ బ్యాలెన్స్' ఒక్కటే.

ఇంతకుముందు చెక్కులను కట్టలుగా పంపేవారు, ఒకటి రెండు పనిదినాలు పట్టేది. 2025 అక్టోబర్ 4 నుంచి రిజర్వ్ బ్యాంకు ఈ పద్ధతి మార్చింది. స్కాన్ చేసిన చెక్కు పగలంతా ఎప్పటికప్పుడు వెళ్తూనే ఉంటుంది. అవతలి బ్యాంకు సాయంత్రం ఏడులోగా అవునో కాదో చెప్పాలి, చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అందుకే మన రైతుకు మంగళవారమే డబ్బు అందే అవకాశం ఉంది. బ్రాంచి పెట్టుకున్న గడువు దాటాక డ్రాప్ బాక్సులో వేసినది మాత్రం మర్నాటి లెక్కలోకి పోతుంది.

వ్యాపారి ఖాతాలో అరవై వేలే ఉంటే? ఉన్నంతవరకు ఇవ్వడమనేది ఉండదు, చెక్కు మొత్తంగా తిరిగొస్తుంది. అప్పుడు రెండు బ్యాంకులూ రుసుము వేస్తాయి. బ్యాంకును బట్టి మారుతుంది గానీ, వ్యాపారికి 500 అనుకుంటే 18 శాతం జీఎస్టీతో 590 అవుతుంది. రైతుకు 150 వేస్తే 177. తప్పు ఎవరిదో, కోత ఇద్దరికీ! నాకిది న్యాయంగా తోచదు. ఖాతాదారు తప్పు ఉంటేనే రిటర్న్ ఛార్జీ వేయాలన్నది రిజర్వ్ బ్యాంకు మాట. కాబట్టి స్కాన్ బొమ్మ సరిగా లేదనో, బ్యాంకు ముద్ర పడలేదనో చెక్కు తిరిగొస్తే ఆ రుసుము వెనక్కి అడగండి.

కారణం ఏదో రిటర్న్ మెమోలో రాసి ఉంటుంది. సంతకం కలవలేదు, తేదీ వేసి మూడు నెలలు దాటింది వంటివైతే కొత్త చెక్కు రాయించుకుంటే సరి. నిధులు లేవని ఉంటే వ్యాపారితో మాట్లాడి మళ్లీ వేయవచ్చు, కానీ అది కూడా తిరిగొస్తే మరో రుసుము పడుతుంది. కోర్టుకే వెళ్లదలిస్తే, చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోగా లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. అది అందాక డబ్బు కట్టడానికి అతనికి 15 రోజులుంటాయి. ఆ మెమోనూ అసలు చెక్కునూ బ్యాంకు నుంచి అడిగి తీసుకుని భద్రంగా దాచుకోండి.