లాభనష్టాల ఖాతాలో కనిపించని వడ్డీ

విజయవాడ పక్కన కొండపల్లిలో ల్యాంకో కట్టిన గ్యాస్ విద్యుత్ కేంద్రం మూడో దశ సామర్థ్యం 742 మెగావాట్లు. యంత్రాలు బిగించారు, గ్యాస్ మాత్రం రాలేదు. 2009లో మొదలైన కేజీ-డీ6 ఉత్పత్తి తర్వాతి ఏళ్లలో పడిపోతూ వచ్చింది. 2013 మార్చికల్లా విద్యుత్ కేంద్రాలకు అక్కడి గ్యాస్ ఆగిపోయింది. హైదరాబాద్‌కు చెందిన ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్, 2017లో రిజర్వు బ్యాంకు దివాలా ప్రక్రియకు పంపమన్న 12 పెద్ద ఖాతాల్లో ఒకటి. 2018 ఆగస్టులో లిక్విడేషన్‌కు వెళ్లింది. ఆ పతనానికి గ్యాస్ ఒక్కటే కారణం కాదు. అయితే అప్పు చేసి ప్లాంట్లు కట్టే కంపెనీ లెక్కలు ఎలా చదవాలో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

అప్పును కంపెనీ మోయగలదా అని చూడటానికి బ్యాంకులు ముందుగా రెండు లెక్కలు వేస్తాయి. మొదటిది వడ్డీ కవరేజీ. తరుగుదల తీసేశాక మిగిలిన నిర్వహణ లాభం, ఏడాది వడ్డీకి ఎన్ని రెట్లు ఉందో ఇది చెబుతుంది. రెండోది నికర అప్పు. మొత్తం అప్పులోంచి చేతిలో ఉన్న నగదు తీసేసి, తరుగుదలకు ముందున్న నిర్వహణ లాభంతో, అంటే ఎబిటాతో భాగిస్తారు. ఆ లాభమంతా అప్పుకే కడితే ఎన్నేళ్లు పడుతుందో సుమారుగా తెలుస్తుంది.

ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. దానికి నడుస్తున్న విద్యుత్ కేంద్రం ఒకటి, కడుతున్నది ఒకటి ఉన్నాయి. ఎబిటా 600 కోట్లు, తరుగుదల 150 కోట్లు పోతే మిగిలేది 450 కోట్లు. లాభనష్టాల ఖాతాలో వడ్డీ ఖర్చు 150 కోట్లని ఉంది. కవరేజీ 3 రెట్లు. చూడగానే భయపడాల్సిందేమీ లేదనిపిస్తుంది.

ఇప్పుడు బ్యాలెన్స్ షీట్ తెరవండి. అప్పు 4,500 కోట్లు, నగదు 300 కోట్లు. నికర అప్పు 4,200 కోట్లు, ఎబిటాకు 7 రెట్లు. పైగా 11 శాతం వడ్డీ అనుకున్నా 4,500 కోట్ల మీద ఏడాదికి 495 కోట్లు కావాలి. ఖాతాలో చూపింది 150 కోట్లే. మిగతా 345 కోట్లు ఎటు పోయాయి?

ఎక్కడికీ పోలేదు, కొత్త ప్లాంటు ఖరీదులో కలిశాయి. నిర్మాణం సాగుతున్నంత కాలం దాని కోసం తెచ్చిన అప్పు మీది వడ్డీని ఖర్చుగా కాక ఆస్తి విలువలో భాగంగా రాయాలన్నది అకౌంటింగ్ నియమం. ఇందులో మోసమేమీ లేదు. కానీ బ్యాంకుకు చెల్లించాల్సింది మొత్తం 495 కోట్లూ. దాంతో లెక్కిస్తే కవరేజీ 0.9 మాత్రమే. పాత ప్లాంటు సంపాదన వడ్డీకి చాలదు. లోటు కొత్త అప్పుతో పూడుతోందన్నమాట.

ప్లాంటు పూర్తయిన రోజు నుంచి ఆ వడ్డీ అంతా లాభనష్టాల ఖాతాలోకి వస్తుంది, తరుగుదలా పెరుగుతుంది. గ్యాస్ వచ్చి కరెంటు అమ్ముడైతే ఎబిటా కూడా పెరిగి లెక్క సర్దుకుంటుంది. గ్యాస్ రాకపోతే? తరుగుదల 300 కోట్లకు చేరిందనుకుంటే మిగిలేది 300 కోట్లే, కవరేజీ 0.6. నిన్నటి దాకా 3 చూసి నమ్మినవాళ్లకు ఇది హఠాత్తుగా జరిగినట్టు ఉంటుంది. నికర అప్పు లెక్క మాత్రం రెండేళ్ల ముందు నుంచే 7 అని చెబుతూనే ఉంది.

అలాగని 7 కనపడగానే పారిపోవాల్సిన పనిలేదు. కడుతున్న ప్లాంటు అప్పు పైన చేరిపోయింది, దాని సంపాదన కింద ఇంకా చేరలేదు. అందుకే ఇంధన ఒప్పందం, కరెంటు కొనే ఒప్పందం చేతిలో ఉన్నాయా అన్నది చూడాలి. తీసివేసే నగదులోనూ జాగ్రత్త అవసరం. బ్యాంకు గ్యారంటీల కోసం మార్జిన్‌గా తాకట్టులో ఉన్న డిపాజిట్లతో అప్పు తీర్చలేరు. వాటిని నగదుగా లెక్కపెట్టకూడదనే నా అభిప్రాయం. ఈ రెండు లెక్కలకూ అందనిది అసలు వాయిదా. కవరేజీ 2 ఉన్నా, వచ్చే ఏడాది పెద్ద మొత్తం గడువు తీరుతుంటే ఇబ్బందే.

కలిపేసిన వడ్డీ ఎంతో వార్షిక నివేదిక నోట్సులో ఉంటుంది, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో నిజంగా కట్టిన వడ్డీ కనిపిస్తుంది. రెండోది, ఖాతాలోని వడ్డీ ఖర్చు కంటే చాలా ఎక్కువుంటే దాంతోనే కవరేజీ కట్టాలి. నిర్మాణం నిలిచిపోతే వడ్డీని ఆస్తిలో కలపడమూ ఆపాలని అదే నియమం చెబుతుంది. కాబట్టి ‘నిర్మాణంలో ఉన్న ఆస్తులు’ అనే పద్దు ఏళ్ల తరబడి పెరుగుతూ, ప్లాంటు ప్రారంభ తేదీ ప్రతి నివేదికలోనూ ముందుకు జరుగుతుంటే, అక్కడ పెరుగుతున్నది ఇటుకా ఇనుమా, లేక వడ్డీయా అని వాటాదారులు సర్వసభ్య సమావేశంలో అడగాలి.