చూస్తున్నారు సరే, పక్కకు జరపరేం?

మా ఆడపడుచు ఇన్‌స్టాగ్రామ్‌లో వంటల పేజీ నడుపుతోంది. మొన్న ఎండాకాలంలో ఆవకాయ మీద 8 ఫొటోలు వరుసగా పేర్చి ఒక కెరసెల్ పెట్టింది. 2,000 వ్యూస్ వచ్చాయి. సేవ్ చేసుకున్నవాళ్లు మాత్రం తొమ్మిది మంది! "ఇంతమంది చూసి ఏం లాభం వదినా, ఒక్కరూ పక్కకు జరిపినట్టు లేదు" అని ఒకటే దిగులు.

వ్యూ అంటే పోస్టు తెర మీద కనబడిందన్న లెక్కేగాని, చివరిదాకా చూశారని కాదు. జరపలేదని కామెంట్లే చెప్పాయి. "ఉప్పు ఎంత వెయ్యాలండీ?" అని నలుగురు అడిగారు. ఆ కొలత ఆరో ఫొటోలో పెద్ద అక్షరాలతో రాసే ఉంది మరి!

సరే, ముందు కవర్ చూశాం. నిండు జాడీ, దాని మీద "మా ఇంటి ఆవకాయ" అన్న అక్షరాలు. నోరూరించే బొమ్మే, కాదనను. మా అత్తగారికి రెండు క్షణాలు చూపించి ఫోను వెనక్కి తీసుకుని, "తర్వాత ఏముంటుందంటారు?" అని అడిగాను. "ఏముంటుంది, ఇంకో జాడీ" అన్నారావిడ. అదీ సంగతి! లోపల ఏం దొరుకుతుందో కవర్ చెప్పనే లేదు. మీరూ ఇంట్లో ఎవరినైనా ఇలా అడిగి చూడండి.

ఇక రెండో ఫొటో. చేతులు జోడించిన బొమ్మ, "మా పేజీకి స్వాగతం" అన్న మాట. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మొదటిసారి జరపకుండా వెళ్లిపోయినవారికి ఇన్‌స్టాగ్రామ్ అదే పోస్టును మళ్లీ చూపేటప్పుడు ఒక్కోసారి రెండో ఫొటోతో మొదలుపెడుతుంది. అంటే అదీ ఒక కవరే. స్వాగతం కోసం ఎవరాగుతారు చెప్పండి?

కవర్ మీది మాట "ఆవకాయకు బూజు పట్టించే 3 తప్పులు" అని మార్చింది. బాగానే ఉందిగాని, మామిడికాయ ఎంపిక, ఆవకాయ గొప్పదనం అన్నీ అయ్యాక ఐదో ఫొటోలోగాని మొదటి తప్పు రాదు! ఇస్తానన్నది రెండో ఫొటోలోనే ఇవ్వడం మొదలుపెట్టాలి కదా. స్వాగతం తీయించి, అక్కడ "ముక్కల తడి ఆరకుండా కలపడం" అని, గుడ్డతో ముక్కలు తుడుస్తున్న బొమ్మ పెట్టించాను. ఆ తర్వాత ఉప్పు తగ్గించడం, నూనె ముక్కల పైకి తేలేటట్టు పోయకపోవడం. మొత్తం ఐదు ఫొటోలకు కుదించింది. "ఎవరికీ తెలియని రహస్యం" అని రాస్తానంది, నేనే వద్దన్నాను. లోపల లేని రహస్యం కోసం ఒకసారి జరిపినవాళ్లు ఇంకోసారి జరపరు.

మళ్లీ పెడితే వ్యూస్ ఇంచుమించు అన్నే వచ్చాయి. సేవ్ చేసుకున్నవారు 60 దాటారు. ఉప్పు ఎంత అని ఈసారి ఎవరూ అడగలేదు. "రాళ్ల ఉప్పు ఎండబెట్టి దంచాలా?" అని అడిగారు. ఆ ఫొటోదాకా వచ్చారన్నమాట!