సంఘం గుర్తుకు రెండు రంగుల పట్టీలు: పోల్చి చూసిన పద్ధతి

లెటర్‌హెడ్, బ్యానరు, రసీదు పుస్తకం, వాట్సాప్ ఆహ్వానం అన్నిటిమీదా ఒకే గుర్తు, ఒకే రంగులు ఉండాలని ఇప్పుడు చాలా సంఘాలు అనుకుంటున్నాయి. డిజైన్ చేసేవారు రెండు మూడు రంగుల పట్టీలను ఫొటోలుగా పంపిస్తారు. కార్యవర్గంలో ఎక్కువమంది 'బాగుంది' అన్నదే ఖాయమవుతుంది. మేము మాత్రం ఓటు వేసే ముందు రెండు పట్టీలనూ కాస్త పరీక్షించాం. ఆ వివరాలు ఇతర ఊళ్ల సంఘాలకు పనికొస్తాయని రాస్తున్నాం.

మొదటి పట్టీలో కుంకుమ ఎరుపు `#C62828`, ఆకుపచ్చ `#2E7D32`, పసుపు `#FBC02D` ఉన్నాయి. రెండో పట్టీలో ముదురు నీలం `#1A237E`, అదే పసుపు, తెలుపు. ఈ సంఖ్యలను డిజైనరు దగ్గర తప్పక అడిగి తీసుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో నలిగి వస్తుంది, ఒక్కో ఫోన్ తెర ఒక్కోలా చూపిస్తుంది. కాబట్టి ఫొటోను ఫొటోతో పోల్చడం కంటే సంఖ్యను సంఖ్యతో పోల్చడం మేలు.

అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య వెలుగు తేడాను 1 నుంచి 21 వరకు కొలుస్తారు. తెలుపుమీద నలుపుకు 21. వెబ్ పేజీల ప్రమాణాల్లో మామూలు అక్షరానికి కనీసం 4.5, పెద్ద అక్షరానికి 3 ఉండాలని నియమం. WebAIM వారి Contrast Checker పేజీలో రెండు సంఖ్యలు వేస్తే లెక్క వెంటనే వస్తుంది. తెల్ల కాగితంమీద ఎరుపుకు 5.6, ఆకుపచ్చకు 5.1 వచ్చాయి, రెండూ నెగ్గాయి. తెలుపుమీద పసుపుకు 1.7 మాత్రమే వచ్చింది, అంటే పసుపుతో పేరు రాయకూడదు. అసలు చిక్కు ఆకుపచ్చమీద ఎరుపుతో వచ్చింది. ఆ జత మా వాళ్లందరికీ నచ్చింది, పండుగ కళ ఉందన్నారు. లెక్క చూస్తే 1.1. రంగు వేరేగానీ వెలుగు దాదాపు ఒకటే. రెండో పట్టీలో నీలంమీద పసుపుకు 8, నీలంమీద తెలుపుకు 13 వచ్చాయి.

ఈ 1.1 ఎవరిని ఇబ్బంది పెడుతుందంటే, ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చుకోలేనివారిని. ఇది ఎక్కువగా పుట్టుకతో వచ్చే లక్షణం. దాని జన్యువులు ఎక్స్ క్రోమోజోముమీద ఉండటంవల్ల ఆడవారికంటే మగవారిలో చాలా ఎక్కువ. చాలామంది తమకుందని చెప్పరు, కొందరికి తెలియనే తెలియదు. ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది: పట్టీని నలుపు తెలుపులోకి మార్చి చూడటం. ఐఫోన్‌లో Color Filters కింద Grayscale ఎంచుకుంటే చాలు. మొదటి పట్టీలో ఎరుపు పేరు ఆకుపచ్చలో కలిసిపోయింది.

అయితే ఈ పరీక్ష అన్నీ పట్టుకోదు. ఎరుపును గ్రహించే కణాలు కంటిలో లేనివారికి ఎరుపు బాగా నల్లగా కనబడుతుంది. నలుపుమీద ఈ ఎరుపుకు లెక్కలో 3.7 వస్తుంది, పెద్ద అక్షరానికి చాలినట్టే ఉంటుంది. వారికి మాత్రం ఆ అక్షరం ఆనదు. అందుకే నలుపుమీద ఎరుపు వద్దన్నాం. పట్టికల్లో సభ్యులకు ఎరుపు, అతిథులకు ఆకుపచ్చ అని గుర్తు పెట్టేచోట పక్కన మాట కూడా రాయమన్నాం.

ఇక ప్రెస్సు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలతో తెరమీది కొన్ని రంగులు రానే రావు. ముదురు నీలానికి సయాన్, మెజెంటా రెండూ 100 పెడితే అది ఊదాకు తిరుగుతుంది. సయాన్ 100 ఉంటే మెజెంటాను 70 దగ్గర ఉంచమని అడగాలి. ఆర్ట్ పేపర్‌మీద నిలబడ్డ రంగు, సిరా పీల్చుకునే రసీదు కాగితంమీద మందంగా, కాస్త మసకగా వస్తుంది. ఫ్లెక్సు యంత్రం మరో రకం సిరా వాడుతుంది. మూడూ అచ్చం ఒకేలా రావు; పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ఇంటివిగా కనబడితే చాలనుకోవాలి.

తెలుగు లిపికి ఇంకో బాధ ఉంది. నీలం నేలమీద తెల్ల అక్షరం వదిలి అచ్చేస్తే, సిరా పాకి ఒత్తుల్లోని, సున్నల్లోని సందులు పూడుకుపోతాయి. పొరుగు భాష అక్షరాలు పక్కనే ఉంటే వాటికీ ఇదే గతి. నాలుగు సిరాలు వెంట్రుకవాసి పక్కకు జరిగినా చిన్న ఒత్తు చుట్టూ రంగు అంచు కనబడుతుంది. అందుచేత చిరునామా, ఫోన్ నంబరు లాంటి చిన్న అక్షరాలను తెలుపుమీద ఒక్క నల్ల సిరాతోనే వేయించాలని తీర్మానించాం. నేలరంగు గుర్తుకూ, పెద్ద అక్షరాల పేరుకూ మాత్రమే.

చివరకు రెండో పట్టీ ఖాయమైంది. కుంకుమ ఎరుపును వదులుకోవడం ఇద్దరు పెద్దలకు నచ్చలేదు; తెల్ల నేలమీద బొట్టులా ఒక్కచోట ఉంచాం. తెర సంఖ్యలు, సిరా శాతాలు మినిట్స్ పుస్తకంలో రాసి, ఆర్ట్ పేపరు, రసీదు కాగితం, ఫ్లెక్సు ముక్క మూడింటిమీద నమూనా తీయించి దానికే అంటించాం. ప్రెస్సు మారినప్పుడు కొత్తవారికి ఫొటో పంపకుండా ఆ నమూనానే చేతికిస్తున్నాం. ఎండ తగిలితే నమూనా రంగు కూడా వెలుస్తుంది గనుక ఆ పుస్తకాన్ని బీరువాలోనే ఉంచుతున్నాం.